ఐదింటిలో నాలుగు ఉల్టా వస్తే

మా బాల్కొండలో కూడా టారో కార్డులు చూసుకునే ఆడవాళ్లున్నారంటే కొందరు నవ్వుతారు. పసుపు పండే ఊళ్లో, బీడీలు చుట్టే అరుగుల మీద ఈ విదేశీ బొమ్మల కార్డులేంటి అని. కానీ ఫోన్ వచ్చాక ఏ ఊరికి ఏది రాలేదు చెప్పండి? ఇంటాయన గల్ఫ్‌లో ఉండి, చేతిలో ఫోను, మనసులో గుబులు ఉన్న ఆడపిల్లకి రాత్రి పదకొండింటికి ఎదురయ్యేది ఆ వీడియోలే. నేను ఈ కార్డులు పట్టుకోవడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. భవిష్యత్తు చెప్తాయని కాదు. మనసులో ముడిపడ్డ మాటని బయటికి లాగడానికి ఒక బొమ్మ ఆసరా అవుతుందని. అందుకే మా ఇంటి చుట్టుపక్కల అమ్మాయిలు అప్పుడప్పుడూ వచ్చి అడుగుతుంటారు. వాళ్లలో ఎక్కువమంది బెదిరిపోయేది ఒక్క దగ్గరే. కార్డులు తలకిందులుగా వస్తే, అందులోనూ ఒకటి కాదు, మూడో నాలుగో వస్తే.

మా తోటికోడలి చెల్లెలు ఫోన్ చేసింది కూడా అందుకే. పెళ్లయి రెండేళ్లు. అతను సౌదీలో ఉంటాడు. మా దగ్గర ఏ గల్ఫ్ దేశం పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు కాబట్టి ఊరందరికీ అతను దుబాయ్‌లోనే ఉన్నాడు. ఈమధ్య ఫోన్లు తగ్గాయి, చేసినా రెండు నిమిషాలే. ఆ పిల్ల తనే ప్రేమ గురించి ఐదు కార్డులు వేసుకుంది.

"అక్కా, నాలుగు ఉల్టా వచ్చినయ్. ఇగ అయిపోయిందక్కా. నేను మా అమ్మగారింటికి పోత" అంది.

మన ఉల్టా, సీదా అన్న మాటలే దీనికి బాగా సరిపోతాయి. చూసేవాళ్ల వైపు నుంచి బొమ్మ నిలువుగా ఉంటే సీదా, తలకిందులుగా ఉంటే ఉల్టా. ఉల్టాకి వేరే అర్థం చెప్పడం పాత అలవాటే. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో ఎటెల్లా అనే ఆయన కార్డులకి రెండు వైపుల అర్థాలూ రాశాడు. ఇప్పుడు మనందరి చేతుల్లో ఉండే బొమ్మలు 1909లో లండన్‌లో వచ్చిన డెక్‌వి. ఆర్థర్ వెయిట్ చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ గీసింది. వెయిట్ తన పుస్తకంలో చాలా కార్డులకి ఉల్టా అర్థం విడిగా ఇచ్చాడు. ఫోన్లో మనం చదివే అర్థాల్లో చాలావాటికి మూలం అదే.

"ముందు సంచి సర్దకు, డెక్ తీసుకుని మా ఇంటికి రా" అన్నాను. వచ్చింది. కార్డులు వచ్చిన వరసలోనే కాగితం మీద రాసుకొచ్చింది, అది మంచి పని. ఒకటో స్థానం తను. రెండోది అతను. మూడోది ఇద్దరి మధ్య ఉన్నది. నాలుగోది అడ్డు. ఐదోది ఇది ఎటు పోతోంది అన్నది.

తను: క్వీన్ ఆఫ్ కప్స్, ఉల్టా. అతను: నైట్ ఆఫ్ పెంటకిల్స్, సీదా. మధ్యలో: టూ ఆఫ్ కప్స్, ఉల్టా. అడ్డు: ఎయిట్ ఆఫ్ వాండ్స్, ఉల్టా. చివర: ఫోర్ ఆఫ్ వాండ్స్, ఉల్టా.

నేను అర్థాల జోలికి పోలేదు. ముందు అడిగింది, "కార్డులు ఎట్ల కలిపినవ్?" అని. పేకముక్కలు కలిపినట్టే, చేతిలో పట్టుకుని కొన్ని కొన్ని జారవిడుస్తూ కలిపానంది. అలా కలిపితే కార్డుల వరస మారుతుంది కానీ ఏ కార్డూ తలకిందులవదు. ఉల్టాగా ఉన్నది ఉల్టాగానే, సీదాగా ఉన్నది సీదాగానే ఉంటుంది. అంటే పోయినసారి కార్డులు ఏరి డెక్‌లో పెట్టేటప్పుడు ఏ వైపు పెట్టామో అదే ఈసారి మన అదృష్టమై కూర్చుంటుంది. మిగిలిన 73 కార్డులనీ ఒక్కొక్కటీ తిరగేసి లెక్కపెట్టమన్నాను. 51 ఉల్టాగా ఉన్నాయి. బయట పడ్డ నాలుగూ కలిపితే 78లో 55. అలాంటి డెక్‌లోంచి ఐదు తీస్తే, సగం కంటే ఎక్కువసార్లు నాలుగో ఐదో ఉల్టానే వస్తాయి. అందులో అతని మనసూ లేదు, ఆమె జాతకమూ లేదు. డెక్ సర్దిన తీరు ఉంది, అంతే.

సరే, డెక్‌లో సగం సీదా, సగం ఉల్టా ఉన్నాయనుకుందాం. అప్పుడైనా నాలుగు ఉల్టా రావడం వింతేమీ కాదు. ఐదు రూపాయి బిళ్లలు ఒకేసారి ఎగరేసి చూడండి. అవి 32 రకాలుగా పడొచ్చు. అందులో సగం, అంటే 16 రకాల్లో మూడుగానీ అంతకంటే ఎక్కువగానీ బొరుసులే ఉంటాయి. నాలుగో ఐదో బొరుసులు పడేవి 6 రకాలు. అంటే ఐదారుసార్లు వేసుకుంటే ఒకసారి నాలుగో ఐదో ఉల్టా వస్తాయన్నమాట. వారానికోసారి కార్డులు వేసుకునేవాళ్లకి నెలన్నర తిరిగేసరికి ఒకసారి ఎదురయ్యే సంగతే. మూడు ఉల్టా అయితే అసలు లెక్కలోకే తీసుకోవద్దు, అది మామూలు. ఐదుకి ఐదూ ఉల్టా అయితే 32లో ఒకసారి. అది వచ్చినప్పుడు భయపడే ముందు డెక్ లెక్కపెట్టండి.

అందుకే ఉల్టా చదవాలనుకునేవాళ్లు కార్డులు కలిపే పద్ధతి మార్చుకోవాలి. చాప మీదో దుప్పటి మీదో కార్డులన్నీ బోర్లా పరిచి, రెండు చేతులతో పులిహోర కలిపినట్టు గుండ్రంగా కలపాలి. లేదంటే డెక్‌ని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని తలకిందులు చేసి కలపడం, అలా నాలుగైదుసార్లు. ఇంకొకటుంది. కార్డు తిప్పేటప్పుడు పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పాలి. పైనుంచి కిందికి తిప్పితే ఉల్టా సీదా అయిపోతుంది, సీదా ఉల్టా అయిపోతుంది. ఒకసారి అలా, ఒకసారి ఇలా తిప్పే చేతికి ఉల్టా అన్న మాటకే అర్థం లేదు.

ఇదంతా విన్నాక ఆ పిల్ల ముఖం కాస్త తేటపడింది. "అయితే ఇవన్ని ఉత్తయేనా అక్కా?" అంది. నాలుగు అన్న అంకె ఉత్తదే. వచ్చిన బొమ్మల గురించి మాట్లాడుకోవచ్చు. అయితే దానికి ఒక షరతు: ఉల్టా అంటే మనం ఏమనుకుంటున్నామో ఒకటే అర్థం ముందే తేల్చుకోవాలి.

ఉల్టాని చదవడానికి చాలా పద్ధతులున్నాయి. మేరీ గ్రీర్ అనే అమెరికా ఆవిడ 2002లో దీని మీదే ఒక పెద్ద పుస్తకం రాసిందంటే ఆలోచించండి. సీదా అర్థానికి వ్యతిరేకం అనేవాళ్లున్నారు. ఆలస్యం అనేవాళ్లున్నారు. ఆ గుణం బయటికి రాక లోపలే ఉండిపోయింది అనేవాళ్లున్నారు. ఏదైనా పర్లేదు, కానీ కార్డు చూశాక ఎంచుకోకూడదు. భయంలో ఉన్న మనిషి ప్రతి కార్డుకీ తనకి ఎక్కువ నొప్పి కలిగించే అర్థాన్నే ఏరుకుంటుంది. ఆశలో ఉన్న మనిషి తియ్యటిదాన్ని ఏరుకుంటుంది. ఒక స్ప్రెడ్‌లో ఉల్టాలు ఎక్కువైనకొద్దీ ఈ ఏరుకునే వీలు పెరుగుతుంది, చదివినదంతా మన మూడ్ అయిపోతుంది. నేను వాడేది ఒకటే: ఉల్టా అంటే ఆ కార్డు చెప్పేది ఉంది, కానీ ఆగి ఉంది, బయటికి పారడం లేదు. కాలువకి తూము మూసినట్టు. పోచంపాడులో నీళ్లు ఉండీ మన పొలానికి రాని రోజులు మనకి తెలియనివా?

ఇప్పుడు ఆ ఒక్క అర్థంతో కార్డులు చూడాలి. చూసేటప్పుడు నేను మొదట వేరుచేసేది తియ్యటి కార్డు ఉల్టా అయిందా, చేదు కార్డు ఉల్టా అయిందా అన్నది. త్రీ ఆఫ్ సోర్డ్స్ అని ఒకటుంది, గుండెలో మూడు కత్తులు గుచ్చి ఉంటాయి. అది ఉల్టా వస్తే ఆ నొప్పి తగ్గుముఖం పట్టిందని చదువుతారు. అలాంటి కార్డులు నాలుగు ఉల్టాగా వస్తే స్ప్రెడ్ మొత్తం ఊరటగా ఉంటుంది. కప్పులు పంచుకునే జంట, పందిరి వంటివి ఉల్టా వస్తే, ఉండాల్సిన మంచి అందడం లేదన్న దిగులు ఉంటుంది. అంకె అదే నాలుగు, స్వరం మాత్రం పూర్తిగా వేరు. ఈ పిల్లకి వచ్చినవి నాలుగూ తియ్యటి కార్డులే. అంటే చేదు ఏదీ వచ్చి పడలేదు. ఉన్న తీపి ఆగిపోయింది. ఇంకో సంగతి, 78లో 22 కార్డులని పెద్దవిగా లెక్కేస్తారు, లవర్స్, టవర్ లాంటివి. వాటి బరువు ఎక్కువ. ఒక పెద్ద కార్డు ఉల్టా అయితే రెండు మూడు చిన్నవాటికి సమానంగా చూస్తాను. ఈమె ఐదింటిలో పెద్దది ఒక్కటీ లేదు. అన్నీ రోజువారీ సంగతులు.

తర్వాత చూసేది ఏ ఉల్టా ఎక్కడ పడిందన్నది. క్వీన్ ఆఫ్ కప్స్ ఆమె స్థానంలో పడింది. సముద్రం ఒడ్డున కూర్చున్న రాణి, చేతిలో పెద్ద కప్పు. మిగతా కప్పులకి మూత ఉండదు, ఈమె కప్పుకి మూత ఉంటుంది. మా పిల్ల ఫోన్లో దీని ఉల్టా అర్థం వెతికితే నమ్మదగని ఆడది, పరువు తక్కువ అని వచ్చిందట. అందుకే సగం ఏడుపు. ఆ మాటలు వెయిట్ పుస్తకంలో ఉన్నవే. కానీ అదే చోట ఆయన ఈ కార్డు గురించి ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారని మొదలుపెట్టి, మంచి ఆడది అన్న అర్థం కూడా ఇచ్చాడు. నూరేళ్ల కిందటి పుస్తకంలోని తిట్టుని తెచ్చి మన ఇంటి పిల్ల మీద వేయాల్సిన పనిలేదు. మన ఒక్క అర్థంతో చూస్తే, మనసు నిండా ఉంది, మూత తియ్యడం లేదు. "నువ్వు ఆయనకి ఏం చెప్పినవ్ ఈ మూణ్నెళ్లల్ల?" అని అడిగా. "ఏం చెప్త అక్కా, అత్తమ్మ పక్కనే ఉంటది. స్పీకర్ల పెట్టమంటది" అంది.

అడ్డు స్థానంలో ఎయిట్ ఆఫ్ వాండ్స్. ఎనిమిది కర్రలు గాల్లో దూసుకుపోతున్న బొమ్మ, కబురు వేగంగా చేరడం అంటారు. వెయిట్ దీని ఉల్టాకి అసూయ, పెళ్లయినవాళ్లకి ఇంట్లో గొడవలు అని రాశాడు. ఆ పిల్ల అది పట్టుకుని అక్కడ ఇంకెవరో ఉన్నారనుకుంది. కానీ ఇది పడింది అడ్డు స్థానంలో. నాకు అన్నిటికంటే తేలికైన ఉల్టా ఇదే. ఆగిపోయిన కబురే అడ్డు అని చెప్తోంది, ఆ అడ్డు తీసేదిగానే ఉంది. సౌదీ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అతను పని ముగించుకుని, వండుకుని తిని ఎనిమిదిన్నరకి చేస్తే ఇక్కడ పదకొండు. ఇంట్లో అందరూ పడుకుని ఉంటారు, ఈమె గుసగుసగా మాట్లాడాలి. పొద్దున చేస్తే స్పీకరు. ఇక మూడోది, టూ ఆఫ్ కప్స్, ఒకరికొకరు కప్పు అందించుకునే జంట. అది ఉల్టా కాక ఇంకేమవుతుంది?

ఇక అందరూ వదిలేసేది, నేను అన్నిటికంటే ఎక్కువ బరువు ఇచ్చేది సీదాగా వచ్చిన ఆ ఒక్క కార్డుకి. ఉల్టాలు ఎక్కువున్న స్ప్రెడ్‌లో కళ్లన్నీ వాటి మీదే ఉంటాయి. కానీ తూములన్నీ మూసి ఉన్నప్పుడు తెరిచి ఉన్నది ఏదో అక్కడినుంచే నీళ్లు పారాలి. అతని స్థానంలో నైట్ ఆఫ్ పెంటకిల్స్ సీదాగా ఉంది. మిగతా ముగ్గురు నైట్‌ల గుర్రాలు కదులుతుంటాయి, ఇతని గుర్రం మాత్రం కదలకుండా నిలబడి ఉంటుంది, వెనక దున్నిన పొలం. చేతిలో ఒక నాణెం. మాట తక్కువ, పని ఎక్కువ, బాధ్యత మోసే మనిషి అంటారు. ఐదింటిలో డబ్బూ పనీ చెప్పే పెంటకిల్స్ ఇదొక్కటే, అదొక్కటే సీదా. మనసు గురించిన కప్పులు రెండూ ఉల్టా, కబురూ ఇల్లూ చెప్పే వాండ్స్ రెండూ ఉల్టా. డబ్బు పంపడం ఆగలేదు, మాట ఆగింది. గల్ఫ్ పోయినవాళ్ల ఇళ్లలో చాలా కాపురాలు ఇలాగే ఉంటాయి, దానికి కార్డులు అక్కర్లేదు. కానీ ఆ పిల్లకి కార్డు చూశాకే అది నోటికొచ్చింది: "పైసలైతే నెల తప్పలేదక్కా."

చివరి కార్డు ఫోర్ ఆఫ్ వాండ్స్. నాలుగు కర్రలు పాతి, పైన పూలతోరణం కట్టి, వెనక ఇల్లు. అచ్చం మన పెళ్లిపందిరి. దీనికి ఉల్టా అయినా అర్థం మారదని వెయిటే రాశాడు, మంచి మంచిగానే ఉంటుందని. ఉల్టా అనగానే చెడు అనుకోవడం ఎంత తొందరపాటో చెప్పడానికి ఈ ఒక్క కార్డు చాలు. నా అర్థంతో చదివినా, పందిరి ఉంది, దాని కిందికి ఇద్దరూ ఇంకా చేరలేదు, అంతే.

కాబట్టి మొత్తం ఇలా తేలింది. అంకె వల్ల వచ్చిన భయం డెక్‌ది, పక్కన పెట్టాం. ఉల్టా అయినవన్నీ తీపి కార్డులు, చిన్న కార్డులు. బరువంతా తన మూత దగ్గరా, కబురు దగ్గరా ఉంది. తెరిచి ఉన్నది అతని వైపు. అంటే ఈ స్ప్రెడ్ "అయిపోయింది" అనడం లేదు, "అడగలేదు" అంటోంది. అతను అక్కడ ఏం చేస్తున్నాడు, ఎందుకు ఫోన్లు తగ్గాయి అన్నది ఏ కార్డూ చెప్పదు. ఉల్టా అయినా సీదా అయినా చెప్పదు. అది చెప్పగలిగేది అతనొక్కడే.

ఆ పిల్ల ఇంకో కార్డు తీద్దామా అంది. వద్దన్నాను. ఉల్టాలు ఎక్కువొచ్చినప్పుడు చెయ్యి ఊరుకోదు, ఇంకోటి, ఇంకోటి అని తీస్తూ పోతాం. పది కార్డులయ్యేసరికి మొదటి ఐదూ మర్చిపోతాం, మనసుకి నచ్చింది వచ్చేదాకా ఆగం. అదే రాత్రి రెండోసారి వేయడం కూడా అంతే. ఇంకో మాట, ఇన్ని ఉల్టాలు వచ్చాయి కాబట్టి పరిహారం చేయాలి, ఇంత కట్టండి అని ఎవరైనా ఫోన్లో అడిగితే వెంటనే పెట్టెయ్యండి. ఐదుసార్లకి ఒకసారి అందరికీ వచ్చేదానికి పరిహారం ఏమిటి?

శుక్రవారం అతనికి సెలవు. మధ్యాహ్నం మా డాబా మీదికి వచ్చి ఫోన్ చేసుకోమన్నాను. కింద వాకిట్లో పసుపు ఆరబోసి ఉంది, నేను దాన్ని తిరగేస్తూ కూర్చున్నా. గంట పైనే మాట్లాడింది. ఓవర్‌టైమ్ ఆపేశారట, మామూలు పంపకంలో తగ్గకుండా తోటివాళ్ల దగ్గర బదులు తీసుకుని పంపుతున్నాడట. ఆ సంగతి ఇంటి స్పీకర్లో అమ్మ వినేలా చెప్పలేక ఫోనే తగ్గించాడు. ఇది ఏ కార్డులోనూ లేదని మళ్లీ చెప్తున్నా. అడిగితే వచ్చింది. బాకీ ఇంకా అలాగే ఉంది, ఓవర్‌టైమ్ ఇంకా మొదలవలేదు. ఆ పిల్ల మాత్రం అమ్మగారింటికి పోలేదు, శుక్రవారాలు మా డాబా మీదికి వస్తోంది.

మీరూ ప్రేమ గురించి కార్డులు వేసుకునేవాళ్లయితే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ఎన్ని సీదా, ఎన్ని ఉల్టా అని మాత్రం రాయండి. ఇరవైసార్లు అయ్యాక కూడి చూడండి. సీదాలూ ఉల్టాలూ దాదాపు సమానంగా ఉంటే మీ చెయ్యి సరిగ్గా కలుపుతోంది, అప్పుడు ఉల్టాలు చదవండి. ఒకవైపు బాగా మొగ్గితే ముందు డెక్ మొత్తం సీదా చేసి, చాప మీద పరిచి కొత్తగా కలపండి.